పద్దెనిమిది రెళ్ళు

స్కేలు మాస్టారు ముప్పై ఆరో నంబరు లాకరు తలుపు మూసి నా భార్య ఉద్యోగం పోగొట్టాడు. ఇందులో వాదనకేమీ లేదు. నా కళ్ళతో చూశాను. ఆ తరువాత ఆయన రిటైరయ్యేదాకా రోజూ ఆయనకు గేటు తీశాను. ఒక్క రోజు కూడా నమస్కారం పెట్టలేదు.

పదకొండేళ్ళు నేను ఇలాగే చెప్పుకున్నాను. అడిగినవాళ్ళకీ ఇలాగే చెప్పాను.

ఆ స్కూల్లో నేను గేటు చూసేవాణ్ణి. గేటుతో పాటు మేడ మీది వరండాలో ఉన్న వంద లాకర్లు కూడా నా చేతి కిందే ఉండేవి. నడుమెత్తు ఇనప పెట్టెలు, గోడ పొడవునా రెండు వరసలు. వాటి మీద నంబర్లు వేసింది నేను. బందులకు నూనె పెట్టింది నేను. పిల్లలు పోగొట్టుకున్న తాళాలు కోసింది నేను. పిల్లలు నన్ను ‘తాళం’ అనేవాళ్ళు. వెనకాలే అనేవాళ్ళు, కానీ నాకు వినపడేంత దూరంలో అనేవాళ్ళు.

ఎనిమిదిన్నరకి గేటు మూస్తే మూసినట్టే. తరువాత వచ్చినవాళ్ళు తొమ్మిదిన్నర గంట కొట్టేదాకా గోడ పక్కన నిలబడాలి. పేరు, తరగతి, వచ్చిన టైము నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఆలస్యాల పుస్తకం. ఎవరూ రాయమనలేదు. మొదటి ఏడాది నుంచీ రాశాను. ఒకసారి ట్రస్టీగారి మనవణ్ణి నిలబెట్టినందుకు మెమో ఇచ్చారు. ఇంకోసారి పిల్లల్ని చూడడానికి వచ్చిన డాక్టర్ని గుర్తింపు కార్డు లేదని ఆపినందుకు ఇచ్చారు. మూడో మెమో వస్తే ఇంటికే అని ప్రిన్సిపాలు చెప్పాడు. ఇంటికి వెళ్తాను గానీ గేటు తియ్యను అన్నాను.

నా చదువు మా ఊరి బళ్ళో పదో తరగతి. ఇరవయ్యో ఎక్కం దాకా మా పంతులు నోటికి పట్టించాడు. తప్పితే గోడకుర్చీ. నా భార్యదీ ఆ బడే, నాకంటే మూడు తరగతులు కింద. పెళ్ళయ్యాక ఆమె చదువుకుంది, నేను వంట చేశాను. డిగ్రీ ప్రైవేటుగా కట్టింది. తరువాత బీఈడీ. లెక్కల టీచరుగా మా స్కూల్లోనే టెంపరరీగా చేరింది. పొద్దున ఇద్దరం కలిసే బయలుదేరేవాళ్ళం. స్కూలు మలుపు దగ్గర ఆమె ఆగేది, నేను ముందు వెళ్ళేవాణ్ణి. గేటు దగ్గర ఆమెకు నేను ‘గుడ్ మార్నింగ్ మేడం’ అనేవాణ్ణి. అది నేను పెట్టిన పద్ధతి. ఆమె అడగలేదు.

స్కేలు మాస్టారు లెక్కల విభాగానికి పెద్ద. చేతిలో ఎప్పుడూ అడుగు పొడవు చెక్క స్కేలు. ఒకసారి స్టాఫు రూములో, “మొగుడు తాళం, పెళ్ళాం తాళంచెవి, ఇంక వీళ్ళింట్లో దొంగతనమే జరగదు” అన్నాడట. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఇంటికొచ్చి నాకు చెప్పి మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఏ కాగితం వచ్చినా ఎవరి సంతకం ఉందో చూసేవాణ్ణి, ఆయనదైతే ఏం రాసుందో చదివేవాణ్ణి కాదు.

ఆమె టెంపరరీగా తొమ్మిదేళ్ళు చేసింది. తొమ్మిదో ఏడు ఒక పోస్టు ఖాళీ అయింది. పర్మనెంటు చెయ్యాలంటే ముగ్గురు పెద్దల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. ప్రిన్సిపాలు, స్కేలు మాస్టారు, బయటినుంచి వచ్చే ఒక ప్రొఫెసరు. ఒక్కటే పాఠం, ఒక్కటే రోజు. ఆమె లాకర్ల లెక్క ఎంచుకుంది. వందమంది పిల్లలతో, నిజం లాకర్లతో. ఏ బోర్డు మీదో చెప్పుకో, ఈ పెంట నీకెందుకు అన్నాను. “చేత్తో ముట్టుకున్న లెక్క మర్చిపోరండీ” అంది.

నెల రోజులు మా వంటింటి నేల మీద వంద సీసా మూతలు పరిచింది. బోర్లా ఉంటే మూసిన తలుపు, వెల్లకిలా ఉంటే తెరిచిన తలుపు. మొదట అన్నీ బోర్లా. వందమంది పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. మొదటివాడు ప్రతి తలుపూ తెరుస్తాడు. రెండోవాడు రెండు, నాలుగు, ఆరు, ఇలా రెండో ఎక్కంలోవన్నీ ముట్టుకుంటాడు. తెరిచి ఉంటే మూస్తాడు, మూసి ఉంటే తెరుస్తాడు. మూడోవాడు మూడో ఎక్కం. ఏడోవాడు ఏడో ఎక్కం. ఇలా వందోవాడి దాకా. చివర్లో ఏవి తెరిచి ఉంటాయి?

వందమంది పిల్లలూ నేనే. మోకాళ్ళ మీద పాకుతూ ఎక్కాలు చదువుతూ మూతలు తిప్పాను. పదమూడో ఎక్కం, పందొమ్మిదో ఎక్కం చదువుతుంటే మా పంతులు గుర్తొచ్చాడు. యాభై దాటాక సుఖం. యాభై ఒకటో పిల్లాడి నుంచి ఒక్కొక్కరికీ ఒక్క తలుపే, తన నంబరుదే. అయ్యాక చూస్తే వెల్లకిలా ఉన్నవి పదే. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు, ముప్పై ఆరు, నలభై తొమ్మిది, అరవై నాలుగు, ఎనభై ఒకటి, వంద. ఒక అంకెను దానితోనే గుణిస్తే వచ్చేవి. మిగిలిన తొంభై బోర్లా.

ఎందుకలా అని అడిగాను. అడుగుతానని ఆమెకు తెలుసు. పన్నెండో మూత చేతికిచ్చింది. దీన్ని ఎవరెవరు ముట్టుకున్నారో చెప్పమంది. పన్నెండు ఎవరి ఎక్కంలో వస్తే వాళ్ళు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, పన్నెండు. ఆరుగురు. వాళ్ళు జంటలుగా వస్తారు చూడండి అంది. ఒకటికి పన్నెండు జంట. రెండుకి ఆరు. మూడుకి నాలుగు. గుణిస్తే పన్నెండు రావాలి, అదే జంట. జంటలు ఎన్నయినా మొత్తం సరిసంఖ్యే. సరిసార్లు తిప్పిన తలుపు మొదట ఎలా ఉందో అలాగే మూసి ఉంటుంది.

తరువాత ముప్పై ఆరో మూత ఇచ్చింది. ఒకటికి ముప్పై ఆరు, రెండుకి పద్దెనిమిది, మూడుకి పన్నెండు, నాలుగుకి తొమ్మిది. ఆరుకి?

“ఆరే,” అన్నాను.

“ఆరో పిల్లాడు రెండుసార్లు రాడుగా. ఒక్కసారే వస్తాడు. అందుకని తొమ్మిదిమంది. బేసి. తలుపు తెరిచి ఉండిపోతుంది.”

“అంటే ఆరుకి పెళ్ళి కాలేదన్నమాట.”

“తనకు తనే మొగుడు,” అని నవ్వింది. ఆ మాట క్లాసులో చెప్పకు, ఉద్యోగం పోతుంది అన్నాను. నేనన్నది వేళాకోళానికి.

పాఠం రోజు ఉదయం ఏడుకే వెళ్ళి వంద లాకర్ల తాళాలూ తీశాను. తలుపులన్నీ దగ్గరికి వేశాను. బిగుసుకున్నవి నాలుగుంటే మళ్ళీ నూనె పెట్టాను. నంబర్ల చీటీలు పిల్లలకు ముందు రోజే ఇచ్చేసింది. ఎనిమిదీ ముప్పావుకి వరసగా మెట్ల మీద నిలబడాలి. ముందున్నవాడు వరండా చివరికి చేరగానే తరువాతివాడు బయలుదేరాలి. ఆమె మాత్రం వరండా చివరి గదిలో ముగ్గురు పెద్దల ముందు, ఒక తరగతి పిల్లల ముందు బోర్డు మీద చెబుతూ ఉంటుంది. ఆమె చెప్పడం అయ్యేసరికి పిల్లలు నడవడం అవుతుంది. అప్పుడు అందర్నీ బయటికి తెచ్చి తలుపులు చూపించాలి. అదీ ఏర్పాటు.

ఎనిమిదిన్నరకి గేటు మూశాను.

తొమ్మిదీ పావు దాటాక మంచినీళ్ళ క్యాను పైకి మొయ్యమని కబురొచ్చింది. గేటుకు తాళం వేసి మోసుకుపోయాను. వరండా ఖాళీగా ఉంది. పిల్లలు నడవడం అయిపోయింది. స్కేలు మాస్టారు ఒక్కడే అందరికంటే ముందు గదిలోంచి బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. ముప్పై ఆరో లాకరు ముందు. అరచెయ్యి తలుపు మీద ఉంది. తలుపు మూసి ఉంది.

నేను మిగిలిన తలుపులు చూడలేదు. చూడాలని తోచలేదు. నెల రోజులు నేను విన్న అంకె అదొక్కటే.

తరువాత ఆమె వచ్చింది. వెనక ప్రిన్సిపాలు, ప్రొఫెసరు, పిల్లలు. అప్పటికే బోర్డు మీద ముప్పై ఆరుకి జంటలు కట్టి, ఇది తెరిచి ఉంటుందని చెప్పి వచ్చింది. పిల్లల్లో ఎవడో “మూసుంది మిస్” అన్నాడు. ప్రొఫెసరు, బోర్డు ఒకటి చెబుతోంది, తలుపు ఇంకోటి చెబుతోంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి చూసింది. నిదానంగా, కాగితం దిద్దేటప్పుడు చూసినట్టు చూసింది. చేతిలో కాగితం మీద ఏవో అంకెలు రాసుకుంది.

స్కేలు మాస్టారు అప్పుడు అడిగాడు. “వరస మొత్తం నడిచిందా అమ్మా? ఎవరైనా మిగిలిపోయారా?”

ఆమె తల ఎత్తి మొదట నన్ను చూసింది. తరువాత ఆయన్ని.

“అందరూ నడిచారండీ. నేనే ఎక్కడో సరిగ్గా చెప్పి ఉండను.”

చేసిందంతా చేసి ఎగతాళిగా అడుగుతున్నాడనుకున్నాను. క్యాను అక్కడ దించి వచ్చేశాను. మళ్ళీ నడిపించడానికి వాళ్ళకు టైము లేదు, ప్రొఫెసరుకి బండి ఉంది.

సాయంత్రం ఇంట్లో, తలుపు మూసింది ఆయనే, నేను చూశాను, పద ప్రిన్సిపాలు దగ్గరికి అన్నాను. వద్దంది. కాసేపటికి అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఇవాళ గేటు దగ్గర ఎవర్నైనా ఆపారా?”

“ఆపకేం? ఏడో తరగతి పిల్ల. రోజూ ఆలస్యమే. ఇవాళ ఏడుపు కూడా.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే. ఏం?”

“ఏం లేదు. పెరుగు వేసుకోండి.”

రిపోర్టులో ‘విషయ పరిజ్ఞానం బాగుంది, నిర్వహణ లోపించింది’ అని రాశారు. పోస్టు వేరే ఆయనకు ఇచ్చారు. మరుసటి ఏడు ఆమెను ఒకటో తరగతికి కూడికలు చెప్పమన్నారు. రెండేళ్ళు చెప్పింది. మూడో ఏడు టెంపరరీ కూడా పొడిగించలేదు. ఇంట్లో కూర్చుంది. నేను ఒక్కణ్ణే మలుపు దాటి వెళ్ళేవాణ్ణి. ఆగాల్సినవాళ్ళు ఎవరూ లేరు. సీసా మూతలు ఒక డబ్బాలో పోసి అలమార పైన పెట్టింది. మళ్ళీ దించలేదు. నాలుగో ఏడు చనిపోయింది. డాక్టర్లు గుండె అని రాశారు. నన్ను రాయమంటే ముప్పై ఆరు అని రాసేవాణ్ణి.

స్కేలు మాస్టారు శ్మశానానికి వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. నేను దగ్గరికి రానివ్వలేదు.

ఇదంతా పాత సంగతి. ఈ ఏడు కొత్త సంగతి జరిగింది.

ఇనప లాకర్లు తీసేసి కొత్తవి పెడుతున్నారు. అంకెలు నొక్కితే తెరుచుకునేవి. వాటికి తాళాలు లేవు, నేను అక్కర్లేదు. నాకూ ఈ ఏడే ఆఖరు. లెక్కలకు ఒక కొత్త టీచరు వచ్చింది. ఇరవై అయిదు దాటని అమ్మాయి. ఈమె కూడా టెంపరరీయే. నన్ను బాబాయ్ అంటుంది. నేను వద్దన్నాను, అయినా అంటుంది. పాత పెట్టెలు పోయేలోపు వాటితో ఒకసారి లాకర్ల లెక్క చేయిస్తానని, తాళాలు తీసి పెట్టమని అడగడానికి గేటు గదికి వచ్చింది. చంకలో పాత ఫైలు ఒకటి ఉంది. లెక్కల బీరువాలో దొరికిందట. అట్ట మీద నా భార్య చేతిరాత.

ఆ అమ్మాయికి అది ఎవరిదో తెలియదు. నేను చెప్పలేదు. బల్ల మీద పరిచింది. పాఠం ప్లాను ఉంది. వందమంది పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఆఖర్న ఒక కాగితం, దాని మీద అంకెలు. ‘చివరికి తెరిచి ఉన్నవి’ అని పైన రాసి ఉంది. ఆ రోజు వరండాలో నిలబడి రాసుకున్న కాగితం.

“దీన్ని చూసి రాత్రి నాకు నిద్ర పట్టలేదు బాబాయ్. పది ఉండాలి, పదమూడు ఉన్నాయి. ముప్పై ఆరు లేదు. అక్కర్లేనివి నాలుగు ఉన్నాయి. చదవనా?”

“చదువు.”

“పద్దెనిమిది. యాభై నాలుగు. డెబ్బై రెండు. తొంభై.”

నేను ముప్పై ఆరు మాత్రమే చూశాను. పదకొండేళ్ళు ముప్పై ఆరే చూశాను. మిగిలిన నాలుగు తెరిచి ఉన్నాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి ముప్పై ఆరు మూశాడంటే సరే. ఎక్కడో ఉన్న పద్దెనిమిది, ఎక్కడో ఉన్న తొంభై ఎందుకు తెరుస్తాడు?

ఆ అమ్మాయి చెప్పబోయింది. నేను ఆపాను. నాకు మా పంతులు గొంతు వినపడుతోంది. పద్దెనిమిది ఒకట్ల పద్దెనిమిది. పద్దెనిమిది రెళ్ళు ముప్పై ఆరు. పద్దెనిమిది మూళ్ళు యాభై నాలుగు. పద్దెనిమిది నాలుగులు డెబ్బై రెండు. పద్దెనిమిది అయిదులు తొంభై. ఆరులంటే నూట ఎనిమిది, అది మా వరండాలో లేదు.

“అదే బాబాయ్, పద్దెనిమిదో పిల్ల నడవలేదు. ఆ అయిదు తలుపులకీ ఒక్కో తిప్పుడు తగ్గింది. అందుకని తెరిచి ఉండాల్సిన ముప్పై ఆరు మూసుకుంది, మూసి ఉండాల్సిన నాలుగూ తెరుచుకున్నాయి. మిగతా తొంభై అయిదూ సరిగ్గా ఉన్నాయి. ఎంత అందంగా ఉందో చూడండి, తప్పు కూడా తన పేరు చెబుతోంది. ఈ మేడం గారికి ఒక్క చూపులో తెలిసిపోయి ఉంటుంది. ఆ మాట చెప్పి ఉంటే ఆ పాఠం ఎక్కడికో వెళ్ళేది. ఎందుకు చెప్పలేదో?”

తెలియదన్నాను.

పేర్ల కాగితం నా వైపు తిప్పుకున్నాను. పద్దెనిమిది ఎదురుగా ఒక ఏడో తరగతి పిల్ల పేరు. దాని కింద ఇంకో కాగితం ఉంది. సర్క్యులరు. రేపు పాఠం ప్రదర్శన ఉన్నందున ఉదయం తొమ్మిదిన్నర వరకు ఏ విద్యార్థినీ గేటు వద్ద ఆపరాదు. కింద స్కేలు మాస్టారి సంతకం. దాని కింద చదివినవాళ్ళ సంతకాలు. ఆఖరిది నాది. సంతకం బాగానే ఉంది. నేను చదవలేదు. ఎవరు పంపారో చూసి పెట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో ట్రంకు పెట్టె దించాను. ఆలస్యాల పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి, ఏడాదికొకటి. ఆ రోజు పేజీ తీశాను. ఒక్కటే పేరు. ఫైల్లో ఉన్న పేరే. ఏడో తరగతి, బి సెక్షను, ఎనిమిదీ ముప్పై నాలుగు. నాలుగు నిమిషాలు.

ఆ పిల్ల గుర్తొచ్చింది. చెప్పు తెగి చేత్తో పట్టుకుని వచ్చింది. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. “నన్ను పంపండి, నాకు నంబరుంది” అంది. “నంబరుంటే చాలదు, టైముండాలి” అన్నాను. ఆ మాట బాగా అన్నానని నాకు అప్పుడు అనిపించింది. పిడికిలి విప్పి చూపించబోయింది. నేను పుస్తకంలో రాసుకుంటున్నాను.

స్కేలు మాస్టారి ఇల్లు స్కూలుకు రెండు వీధుల అవతల. పదకొండేళ్ళలో నేను ఆ వీధిలోకి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున వెళ్ళాను. గేటు వేసి ఉంది. నేను తియ్యలేదు. బయట నిలబడ్డాను. కాసేపటికి ఆయనే చూసి వచ్చాడు. ముసలాడైపోయాడు. చేతిలో స్కేలు లేదు, చేతికర్ర ఉంది. లోపలికి రమ్మన్నాడు. రానన్నాను. గేటుకు ఆయన లోపల, నేను బయట.

“పద్దెనిమిది సంగతి మీకు తెలుసా?” అని అడిగాను.

“ఆ రోజే అనుమానం వచ్చింది. నేను ముందు బయటికొచ్చి చూశాను. తలుపు బిగుసుకుపోయిందేమోనని చేత్తో నొక్కి చూశాను. తరువాత తొంభై కనపడింది. అందుకే అడిగాను, ఎవరైనా మిగిలిపోయారా అని. ఆవిడ లేదన్నారు.”

“తరువాత?”

“మర్నాడు ఆ పిల్ల ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. నువ్వు గేటు దగ్గర నిలబెట్టావని చెప్పింది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాను, రిపోర్టు ఇంకా పంపలేదు, జరిగింది రాసిద్దాం అన్నాను. నీకు ఎన్ని మెమోలు ఉన్నాయని ఆవిడ అడిగారు. రెండు అన్నాను. మూడోదైతే పంపించేస్తారా అన్నారు. సర్క్యులరు మీద సంతకం పెట్టి మరీ ఆపాడు కదమ్మా, పంపించేస్తారు అన్నాను. అయితే ఇక్కడితో వదిలెయ్యండి మాస్టారూ అన్నారు.”

“ఇంకేమన్నది?”

“గేటు లేకపోతే ఆయన బతకలేరు, నాకు ఇంకో పాఠం దొరుకుతుంది అన్నారు.”

దొరకలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

“పదకొండేళ్ళు మీరే మూశారని ఊరంతా చెప్పాను.”

“విన్నాను.”

“చెప్పొచ్చుగా.”

“ఆవిడ ఒట్టు వేయించుకున్నారయ్యా. పోయాక చెబుదామని శ్మశానానికి వచ్చాను. నువ్వు రానివ్వలేదు.”

ఆయన మళ్ళీ లోపలికి రమ్మన్నాడు, కాఫీ తాగి వెళ్ళమన్నాడు. నాకు డ్యూటీ ఉందన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే క్షమిస్తాడు, ఆ రకం మనిషి. అది నాకు అక్కర్లేదు. వచ్చేటప్పుడు నమస్కారం పెట్టాను. పదకొండేళ్ళదీ కలిపి ఒక్కటే.

వారం తరువాత ఆ అమ్మాయి పాఠం పెట్టుకుంది. ఏడుకే వెళ్ళి తాళాలు తీశాను, బందులకు నూనె పెట్టాను. ఎనిమిదిన్నర అయింది. గేటు మూయలేదు. సర్క్యులరు ఏదీ రాలేదు, ఎవరూ చెప్పలేదు. తొమ్మిదిన్నర దాకా రెక్కలు రెండూ బార్లా తెరిచి పక్కన నిలబడ్డాను. ఆలస్యంగా ఆరుగురు వచ్చారు. నన్ను చూసి ఆగారు. వాళ్ళకు అలవాటు. వెళ్ళమన్నాను. ఒకడు నమ్మక, “నిజంగానా తాళం?” అని మొహం మీదే అని, నాలుక కరుచుకుని పరిగెత్తాడు. పుస్తకంలో ఎవరి పేరూ రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అది మొదటి ఖాళీ పేజీ.

పదింటికి ఆ అమ్మాయి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

“పదీ సరిగ్గా వచ్చాయి బాబాయ్. ముప్పై ఆరు తెరిచే ఉంది. వచ్చి చూడండి, మధ్యాహ్నం విప్పేస్తారట.”

“నాకు పనుంది.”

ఆమె పోలేదు. స్టాఫు రూములో ఎవరో చెప్పారట, ఆ ఫైలు మేడం గారు మీ ఆవిడేనటగా అని అడిగింది. పిల్లలకు ఆవిడ గురించి రెండు మాటలు చెప్పమంది. ఆ పద్దెనిమిదో పిల్ల ఏమైందో మీకేమైనా తెలుసా, మేడం గారు మీతో ఎప్పుడైనా అన్నారా అని అడిగింది. మంచి పిల్ల. ఏ చెడూ ఉద్దేశించి అడగలేదు.

ఆమె ఏమీ అనలేదన్నాను. అది నిజం. నాలుగేళ్ళు ఒకే కంచం ముందు కూర్చుని, రోజూ నేను స్కేలు మాస్టారిని తిడుతుంటే వింటూ, పెరుగు వేసుకోండి అన్నది తప్ప ఆమె ఏమీ అనలేదు. అందుకు ఆమెను నేను క్షమించలేదు. ఒట్టుకు కట్టుబడి ఊరుకున్నందుకు ఆయన్నీ క్షమించలేదు. చదవకుండా సంతకం పెట్టినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

మధ్యాహ్నం లాకర్లు విప్పి లారీలో పడేశారు. గేటు తీశాను, లారీ పోయింది, గేటు మూశాను. ఇంటికొచ్చి అలమార పైనున్న మూతల డబ్బా దించి, మళ్ళీ పైన పెట్టాను.

ఊళ్ళో ఇన్నేళ్ళూ ఒక అబద్ధం చెప్పాను గనక, నిజం ఒక్కసారి ఇలా కాగితం మీద రాశాను. లెక్క అక్కడికి సరి. ఇక ఎవరు అడిగినా, ఆ అమ్మాయి అడిగినా, ఈ సంగతి నా నోటి వెంట రాదు.